ఖాళీగా కూర్చున్న ఎనిమిదో డిస్కు

శుక్రవారం రాత్రి 11:40కి డిస్కు పోయింది. శనివారం పొద్దున ఫోన్ వచ్చేసరికి దాని స్థానంలో ఇంకో డిస్కు పని మొదలుపెట్టి చాలా సేపయింది. విజయవాడలో పెళ్లి వీడియోలు తీసే స్టూడియో అది. ఎనిమిది డిస్కుల పెట్టె, ఒక్కోటి 16 టీబీ. ఒక డిస్కు పోయినా డేటా పోకుండా ఏడింటితో రెయిడ్ 5 కట్టి, ఎనిమిదోదాన్ని హాట్ స్పేర్‌గా పెట్టారు. అంటే కరెంటు అందుతూ, తిరుగుతూ, ఏ పనీ లేకుండా కూర్చున్న డిస్కు. ఏడింటిలో ఏదైనా పోతే ఎవరూ చెయ్యి పెట్టకుండానే అది వెళ్లి ఆ ఖాళీలో చేరుతుంది.

"అన్నా, ఇంకోటి దానంతట అదే ఎక్కిందంట కదా, ఇక టెన్షన్ లేదుగా?" అని అడిగాడు స్టూడియో అబ్బాయి. నేను లాగిన్ అయి చూస్తే కనిపించింది ఇది:

```
md0 : active raid5 sdh[7] sdg[6] sdf[5] sde[4] sdd[3] sdb[1] sda[0]
      93754490880 blocks level 5, 512k chunk [7/6] [UU_UUUU]
      [==>..................]  recovery = 12.4%
      finish=3739.9min speed=61000K/sec
```

ఇందులో నా కళ్లు ఆగింది 12.4 శాతం దగ్గర కాదు, `finish` దగ్గర. 3740 నిమిషాలంటే ఇంకా రెండున్నర రోజుల పైమాటే. `[UU_UUUU]` అనే ముక్కలో పోయిన డిస్కుకి గుర్తుగా ఆ కింది గీత ఉన్నంతసేపూ ఈ పెట్టెలో ఉన్న ఏ ఒక్క బైటుకీ రెండో కాపీ అనేది లేదు. ఇంకో డిస్కు ఎక్కింది నిజమే, కానీ అది పనికొచ్చేది సోమవారం రాత్రికి. ఈలోపు మిగిలిన ఆరు డిస్కుల్లో ఏ ఒక్కటీ తడబడకూడదు. ఆదివారం మధ్యాహ్నం వాటిలో ఒకటి తడబడింది.

పోయిన డిస్కులో ఉన్నదాన్ని స్పేరు మీద మళ్లీ కట్టడమే రీబిల్డ్. అప్పుడు లోపల ఏం జరుగుతుందో ముందు చూద్దాం. ఏడుగురు కలిసి ఒక లెక్క పుస్తకం రాశారనుకోండి. ప్రతి వరుసలో ఆరుగురు ఒక్కో అంకె వేస్తారు, ఏడో మనిషి ఆ ఆరింటి మొత్తం వేస్తాడు. ఒకరి పుస్తకం పోతే ఆ వరుసలో మొత్తంలోంచి మిగతావి తీసేస్తే పోయిన అంకె దొరుకుతుంది. రెయిడ్ 5 చేసేది ఇదే. కూడికకు బదులు ఎక్సార్ అనే బిట్ల లెక్క వాడుతుంది, మొత్తం వేసే బాధ్యత ఒక్కడి మీదే పెట్టకుండా వరుస వరుసకీ డిస్కు మారుస్తుంది, అంతే తేడా. ఆ మొత్తాన్నే ప్యారిటీ అంటాం.

పోయిన ఒక్క అంకె దొరకాలంటే మిగతా ఆరు అంకెలూ కావాలి. ఐదు దొరికి ఒకటి చెరిగిపోతే లెక్క తేలదు. 16 టీబీ డిస్కును మళ్లీ కట్టాలంటే మిగతా ఆరు డిస్కులనూ సెక్టర్లు అనే చిన్న చిన్న గళ్లలో మొదటిదాని నుంచి చివరిదాని దాకా చదవాలి. అంటే 96 టీబీ. పెట్టె సగం ఖాళీగా ఉన్నా మామూలు రెయిడ్‌కి ఆ సంగతి తెలియదు, ఎందుకంటే దానికి ఫైళ్లు కనిపించవు, వరుసలే కనిపిస్తాయి. (జెడ్‌ఎఫ్‌ఎస్ లాంటివి ఫైలు వ్యవస్థనూ రెయిడ్‌నూ కలిపి చూస్తాయి కాబట్టి రాసిన మేరకే కడతాయి. ఈ పెట్టెలో ఉన్నది అది కాదు.)

ఇప్పుడు హాట్ స్పేర్ దేనికి పనికొస్తుందో సూటిగా చెప్పొచ్చు. అది మనిషి వల్ల అయ్యే ఆలస్యాన్ని తీసేస్తుంది. శుక్రవారం రాత్రి డిస్కు పోతే సోమవారం ఎవరో చూసి, దుకాణానికి వెళ్లి, కొత్తది తెచ్చి బిగించేదాకా పోయే మూడు రోజులు మిగులుతాయి. దూరంగా మనుషులు లేని చోట నడిచే సర్వర్లకి అది పెద్ద లాభమే. అయితే రీబిల్డ్ పట్టే సమయాన్ని మాత్రం అది ఒక్క నిమిషం కూడా తగ్గించదు. వరసగా రెండు ఆలస్యాలు ఉంటే మొదటిదాన్ని కోసేసి రెండోదాన్ని అలాగే వదిలేస్తుంది. డిస్కులు చిన్నగా ఉన్న రోజుల్లో మొదటిదే పెద్దది, రెండోది లెక్కలోకి వచ్చేది కాదు. ఇప్పుడు అది తలకిందులైంది.

ఎందుకు తలకిందులైంది? 2007లో మొదటి 1 టీబీ డిస్కు మార్కెట్లోకి వచ్చింది. అది సెకనుకు 60, 70 ఎంబీ సగటున చదివినా మొత్తం డిస్కు నాలుగైదు గంటల్లో అయిపోయేది. ఇప్పటి 16 టీబీ డిస్కు బయటి అంచు దగ్గర సెకనుకు 250 ఎంబీ దాటుతుంది, లోపలికి వచ్చేకొద్దీ సగానికి పడుతుంది, సగటున 200 అనుకోవచ్చు. పరిమాణం పదహారు రెట్లు పెరిగింది, వేగం మూడు రెట్లే.

ఇది తయారీదారుల బద్ధకం కాదు. డిస్కు పళ్లెం మీద డేటా నాగలి చాళ్లలా గుండ్రంగా ఉంటుంది. పరిమాణం పెంచడానికి మూడు దారులు: చాలులో విత్తనాలు దగ్గర దగ్గరగా వెయ్యడం, చాళ్లనే ఒకదానికొకటి దగ్గరగా తియ్యడం, పొలాలు పెంచడం, అంటే ఒకే పెట్టెలో ఎక్కువ పళ్లేలు పెట్టడం. వీటిలో మొదటిది మాత్రమే వేగాన్ని పెంచుతుంది, ఎందుకంటే ఒక చుట్టులో ఎక్కువ గింజలు చదివే తల కిందకి వస్తాయి. చాళ్లు ఎక్కువైతే నడవాల్సిన దూరం పెరుగుతుంది, అంతే. పొలాలు పెరిగినా మామూలు డిస్కులో ఒకసారి ఒక తలే చదువుతుంది. తిరిగే వేగం 2007లోనూ నిమిషానికి 7200 చుట్లే, ఇప్పుడూ 7200 చుట్లే.

లెక్క వేద్దాం. 16 టీబీని సెకనుకు 200 ఎంబీ చొప్పున రాస్తే 80,000 సెకన్లు, అంటే 22 గంటలు. ఇది పెట్టెకి ఇంకే పనీ లేకుండా, ఎవరూ ముట్టుకోకుండా ఉంటే వచ్చే అంకె. దీనికంటే తక్కువలో అయ్యే మార్గమే లేదు, ఎందుకంటే ఆరు డిస్కులు ఎంత వేగంగా చదివినా రాయాల్సింది ఒకే ఒక్క స్పేరు మీద. కానీ స్టూడియోలో శుక్రవారం రాత్రంతా రెండు మెషిన్లు ఈ పెట్టె మీది ఫుటేజీనే రెండర్ చేస్తున్నాయి. ఆదివారం రిసెప్షన్‌లో స్క్రీన్ మీద వెయ్యాల్సిన వీడియో అది. రీబిల్డ్‌కి కావాల్సింది తల ఒక దారిలో నిలకడగా సాగడం. మధ్యలో ఎవరైనా ఫైలు అడిగితే తల అటు పరిగెత్తి మళ్లీ వెనక్కి రావాలి. ఆ పరుగులకే కాలమంతా పోయి వేగం సెకనుకు 60 ఎంబీకి పడింది, 22 గంటల పని మూడు రోజులైంది.

లైనక్స్‌లో ఈ బేరాన్ని నడిపించే మీట ఒకటి ఉంది. మామూలుగా రీబిల్డ్‌కి హామీ ఇచ్చే కనీస వేగం సెకనుకు 1000 కేబీ. అంటే వాడకం ఉంటే రీబిల్డే తప్పుకుంటుంది. దాన్ని పెంచితే రీబిల్డ్ ముందుంటుంది, వాడేవాళ్లు నత్తనడక చూస్తారు:

```
sysctl -w dev.raid.speed_limit_min=150000
```

ఆ శనివారం నేను ఇది చేద్దామంటే, రిసెప్షన్ వీడియో ఆగిపోతుందని స్టూడియో అబ్బాయి వద్దన్నాడు. గట్టిగా చెప్పి ఒప్పించాల్సింది. చెప్పలేదు.

ఇక రెండో డిస్కు సంగతి. "రీబిల్డ్ జరుగుతుండగా రెండోది పోతుంది" అని అందరూ అంటారు కానీ ఆ మాటలో రెండు వేర్వేరు ప్రమాదాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, డిస్కు మొత్తంగా చచ్చిపోవడం. రెండోది, డిస్కు బాగానే తిరుగుతూ ఎక్కడో ఒక సెక్టరును మాత్రం చదవలేకపోవడం.

మొదటిదాని లెక్క విచిత్రంగా ధైర్యం ఇస్తుంది. డిస్కులు ఏడాదికి నూటికి ఒకటిన్నర చొప్పున పోతాయనుకుందాం, పెద్ద డేటా సెంటర్లు బయటపెట్టే అంకెలు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. ఆరు డిస్కులు, మూడు రోజులు: 6 × 0.015 × 3/365. సుమారు 0.0007, అంటే 1350 రీబిల్డ్‌లకి ఒకటి. ఇంతేనా, దీనికి ఇంత గొడవెందుకు అనిపిస్తుంది. అయితే ఈ లెక్కలో ఒక మాట దాగి ఉంది: డిస్కులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పోతాయని. 1988లో బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రెయిడ్ గురించి రాసినప్పుడు కూడా అలాంటి ఊహతోనే లెక్క వేశారు. స్టూడియో పెట్టెలో ఏడు డిస్కులూ ఒకే రోజు, ఒకే దుకాణంలో, ఒకే డబ్బాలోంచి తీసినవి. ఒకే వేడి, ఒకే అదురు, ఒకే కరెంటు కోతలు, నాలుగేళ్లుగా ఒకే రాతకోతలు. ఒకటి ముసలిదైతే మిగతావి కుర్రవి అయ్యే అవకాశం లేదు. దాని మీద మూడు రోజులు తెరపి లేకుండా చదివించడం. 2007లో ష్రోడర్, గిబ్సన్ నిజమైన డేటా సెంటర్ల రికార్డులు తిరగేసినప్పుడు కూడా డిస్కులు పోవడం ఒకదానితో ఒకటి ముడిపడే ఉంటుందనీ, కాయితం మీది లెక్కకంటే గుంపుగా వస్తుందనీ తేలింది. కాబట్టి 1350లో ఒకటి అన్నది మంచిరోజుల అంకె. అసలుది ఎంత అని నన్నడిగితే అంకె చెప్పను, ఇంతకంటే చాలా ఎక్కువని మాత్రం చెప్తాను.

రెండో ప్రమాదం దగ్గర దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. అక్కడ లెక్క అతిగా భయపెడుతుంది. మామూలు డిస్కుల వివరాల కాయితంలో "10^14 బిట్లకి ఒక చదవలేని లోపం కంటే తక్కువ" అని ఉంటుంది. సర్వర్ రకాల మీద 10^15 అని ఉంటుంది. 10^14 బిట్లంటే 12.5 టీబీ. మన రీబిల్డ్ చదవాల్సింది 96 టీబీ, అంటే 7.68 × 10^14 బిట్లు. మొదటి అంకెను అక్షరాలా నమ్మితే ఒక్క లోపం కూడా లేకుండా రీబిల్డ్ ముగిసే అవకాశం e^-7.68, రెండు వేలకి ఒకటి. 10^15 తీసుకున్నా సగానికి సగం రీబిల్డ్‌లు మధ్యలో లోపానికి తగలాలి. రెయిడ్ 5 చచ్చిపోయిందని 2007 నుంచి నెట్‌లో తిరిగే మాటకి మూలం ఈ లెక్కే.

కానీ ఇది అనుభవంతో పొసగదు. నెలనెలా ఇంత పరిమాణపు పెట్టెల్ని మొదటి నుంచి చివరిదాకా చదివించేవాళ్లం ఉన్నాం. 10^15 లెక్క ప్రకారం దాదాపు ప్రతి నెలా ఒక లోపం కనబడాలి. నెలల తరబడి ఒక్కటీ రాదు. కాయితం మీది అంకె "ఇంతకంటే తక్కువ" అనే హామీ, సగటు కాదు. దాన్ని సగటుగా వాడటం, గంటకి 60 మించొద్దనే బోర్డు చూసి ఆ దారిలో అందరూ 60లోనే వెళ్తారనుకోవడం లాంటిది.

అలాగని నిద్రపోవడానికి లేదు. లోపాలు సమానంగా చల్లినట్టు ఉండవు, కొన్ని డిస్కుల్లోనే, అక్కడా ఒక్కచోటే కుప్పగా ఉంటాయి. 2007లో వచ్చిన ఇంకో అధ్యయనంలో 15.3 లక్షల డిస్కుల్ని 32 నెలలు గమనిస్తే 3.45 శాతం డిస్కుల్లో ఇలాంటి దాగిన లోపాలు బయటపడ్డాయి. మిగతావాటిలో ఏమీ లేవు. అందుకే అసలు ప్రశ్న "96 టీబీలో ఎన్ని లోపాలు వస్తాయి" అనేది కాదు. "నా ఆరింటిలో ఇప్పటికే చెడిపోయి ఎవరికీ తెలియకుండా ఉన్నది ఏదైనా ఉందా" అనేది.

స్టూడియోలో ఉంది. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, రీబిల్డ్ సగం దాటాక, కెర్నెల్ లాగ్‌లో ఈ రకం వరుసలు పడ్డాయి:

```
critical medium error, dev sdf
md/raid:md0: read error not correctable (sector ... on sdf)
```

`not correctable` అన్న మాటలోనే కథంతా ఉంది. వారం ముందు ఇదే సెక్టరు చదవలేకపోతే రెయిడ్ మిగతా డిస్కుల నుంచి ఆ విలువ లెక్కగట్టి, అదే చోట మళ్లీ రాసేది. డిస్కు ఆ చెడ్డ చోటిని వదిలి వేరే సెక్టరును కేటాయించుకునేది. ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు లెక్కగట్టడానికి ఏడో అంకె లేదు. ఆ పెట్టెలో చెడ్డ చోటును గుర్తుపెట్టుకుని ముందుకు సాగే పట్టిక కూడా లేదు. దాంతో డిస్కునే బయటికి తోసేసింది, `[7/5]` అయింది, పెట్టె ఆగిపోయింది. 48 కేబీ చదవలేకపోవడం వల్ల 96 టీబీ కనబడకుండా పోయాయి. కొన్ని కంట్రోలర్లు ఇలాంటప్పుడు ఆ ఒక్క వరుసను పోయిందని రాసుకుని మిగతాది పూర్తిచేస్తాయి. మీ పెట్టె ఏం చేస్తుందో డిస్కు పోకముందే తెలుసుకోవడం మంచిది.

ఆ చెడ్డ సెక్టర్లు ఆ ఆదివారం పుట్టినవి కావు. అక్కడ ఉన్నవి నాలుగేళ్ల కిందటి పెళ్లిళ్ల ఫుటేజీ. డెలివరీ ఇచ్చేశాక ఎవరూ తెరవలేదు. ఎవరూ చదవని చోట చెడితే ఎవరికీ తెలియదు. రీబిల్డ్ వచ్చి మూలమూలా చదివింది కాబట్టి బయటపడింది. రీబిల్డ్ డిస్కుల్ని చంపుతుందని చాలామంది అంటారు. నేను చూసినవాటిలో ఎక్కువసార్లు అది చంపలేదు, ఎప్పుడో చచ్చిన దాన్ని మోసుకొచ్చి ముందు పెట్టింది.

అంతకుముందే బయటపెట్టే పని ఒకటుంది, దాన్ని స్క్రబ్ అంటారు. అన్ని డిస్కులూ బాగున్న రోజునే పెట్టెనంతా ఒకసారి చదివించి, చదవలేనివి కనిపిస్తే ప్యారిటీతో సరిచేయించడం. డెబియన్‌లో `mdadm` ప్యాకేజీ పెడితే నెలలో మొదటి ఆదివారం దానంతట అదే నడుస్తుంది. చేత్తో నడపాలంటే:

```
echo check > /sys/block/md0/md/sync_action
```

స్టూడియో పెట్టెలో అది ఆపేసి ఉంది. ఎడిటింగ్ నెమ్మదిస్తోందని ఎవరో ఆపారట. ఆ పై అధ్యయనంలోనే దాగిన లోపాల్లో సగం పైగా స్క్రబ్‌లోనే దొరికాయి.

పెట్టె ఆగిపోయాక చెయ్యకూడని పనులు రెండు. పెట్టె చెప్పినట్టు కొత్తగా సృష్టించడం, అంటే `mdadm --create`, ఒకటి. డిస్కుల వరుస గానీ లెక్క మొదలయ్యే చోటు గానీ ఒక్కటి తేడా వచ్చినా మిగిలిందంతా తుడిచిపెట్టేస్తుంది. తోసేసిన డిస్కును తిరిగి చేర్చి రీబిల్డ్‌ని మళ్లీ మొదలుపెట్టడం రెండోది. అదే చెడ్డ చోటికి వెళ్లి మళ్లీ అక్కడే ఆగుతుంది, ఈలోపు నలిగిన డిస్కు ఇంకా నలుగుతుంది.

మేం చేసింది నెమ్మది పని. పెట్టె ఆపి, సోమవారం పొద్దున దుకాణం తెరిచాక కొత్త 16 టీబీ డిస్కు కొని, `ddrescue`తో `sdf`ని మొత్తం దాని మీదికి దించాం. అది చెడ్డ చోట ఆగి మొండికెయ్యదు, ముందు దాటేసి మంచిదంతా తీసుకుని చివర్లో వెనక్కి వచ్చి ప్రయత్నిస్తుంది. ఏది వచ్చింది, ఏది రాలేదు అన్నది ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. 26 గంటలు పట్టింది. రానివి 12 సెక్టర్లు, ఒక్కోటి 4 కేబీ, మొత్తం ఆ 48 కేబీ. మంగళవారం మధ్యాహ్నం ఆ నకలు డిస్కును అసలు స్థానంలో పెట్టి `--assemble --force`తో పెట్టెను లేపి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా స్పేరు మీదికి మొదటి నుంచి కట్టించాం. వాడకం లేదు కాబట్టి 24 గంటల్లో అయిపోయింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, చాలామంది గమనించరు. నకలులో ఆ 12 సెక్టర్లు సున్నాలు. రెయిడ్‌కి అవి తప్పని తెలియదు, ఆ సున్నాల్నే నిజమని నమ్మి అదే వరుసలో స్పేరు మీద రాయాల్సింది లెక్కగడుతుంది. కాబట్టి నష్టం 48 కేబీ దగ్గర ఆగదు, రెండు చోట్ల అవుతుంది: నకలులో ఒకటి, కొత్తగా కట్టిన డిస్కులో అదే ఎత్తున ఇంకొకటి. రెండోది సున్నాలుగా కూడా ఉండదు, చూడ్డానికి మామూలు డేటాలా ఉండే చెత్త. మా అదృష్టం, ఒకటి ఖాళీ చోటులో పడింది. రెండోది ఒక పెళ్లి ఫుటేజీలో పడింది, జీలకర్ర బెల్లం దగ్గర ఒక క్షణం పాటు తెర పచ్చ గళ్లుగా పగులుతుంది. అదే ఏ డేటాబేసో, అకౌంట్ల ఫైలో అయితే అంత తేలిగ్గా చెప్పగలిగేవాణ్ణి కాదు.

ఇప్పుడు ఆ ఎనిమిదో డిస్కు దగ్గరికి వద్దాం. ఏడు డిస్కుల రెయిడ్ 5, పక్కన ఒక స్పేరు: వాడుకోవడానికి దొరికేది ఆరు డిస్కుల చోటు, 96 టీబీ. ఎనిమిదింటినీ కలిపి రెయిడ్ 6 కడితే రెండు ప్యారిటీలకి పోగా దొరికేదీ ఆరు డిస్కుల చోటే, అదే 96 టీబీ. డబ్బు ఒకటే, కరెంటు ఒకటే, పెట్టె ఒకటే. మొదటి దాంట్లో ఎనిమిదో డిస్కు నాలుగేళ్లు ఊరికే తిరిగి, పనిపడ్డాక మూడు రోజులు రాయించుకుని అప్పుడు రక్షణగా మారుతుంది. రెండో దాంట్లో అది మొదటి రోజు నుంచే రెండో మొత్తాన్ని మోస్తుంది. శుక్రవారం రాత్రి ఒక డిస్కు పోయినా వరుసకి ఇంకా ఒక ప్యారిటీ మిగిలే ఉంటుంది. ఆదివారం `sdf` 48 కేబీ చదవలేకపోతే దాన్ని లెక్కగట్టి తిరిగి రాసి, ఒక వరుస లాగ్‌లో వేసి ముందుకెళ్లేది. స్టూడియోకి ఫోన్ చెయ్యాల్సిన పని కూడా ఉండేది కాదు.

స్పేరుకి ఇంకో లోటు ఉంది. దాన్ని ఎవరూ చదవరు, రాయరు. స్క్రబ్ దాని జోలికి పోదు. అది పాడై ఏడాదైనా పెట్టె పచ్చ లైటు చూపిస్తూనే ఉంటుంది. స్పేరు పెట్టుకున్నవాళ్లు నెలకోసారి డిస్కునంతా చదివించే `smartctl -t long` పరీక్ష దాని మీద నడపకపోతే అది ఉందని కూడా అనుకోవద్దు.

రెయిడ్ 6కి ఖర్చు లేకపోలేదు. చిన్న చిన్న రాతలు వచ్చినప్పుడు రెయిడ్ 5 నాలుగు డిస్కు పనులతో ముగించేదాన్ని ఇది ఆరింటితో చేస్తుంది. వీడియో ఫైళ్లు పెద్దవి, వరసగా రాసేవి కాబట్టి స్టూడియోలో ఎవరికీ తేడా తెలియలేదు. పెద్ద డేటాబేసుకి తెలుస్తుంది, అక్కడ జతలుగా అద్దం పెట్టే రెయిడ్ 10 మేలు. అందులో రీబిల్డ్‌కి పోయినదాని జోడీ ఒక్కదాన్నే చదవాలి, ఆరింటినీ కాదు. కాకపోతే ఆ జోడీయే పోతే అంతే సంగతి. పదుల కొద్దీ డిస్కులు ఉన్న చోట రెయిడ్ 6 మీద స్పేరు కూడా పెట్టడం సబబే. స్పేరు తప్పు కాదు, ప్యారిటీకి బదులుగా దాన్ని పెట్టడం తప్పు.

డిస్కు పూర్తిగా పోకముందే చెయ్యగలిగే పని ఒకటి ఉండి కూడా వాడేవాళ్లు తక్కువ. డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ పట్టికలో చదవలేకపోయిన సెక్టర్ల లెక్క `Current_Pending_Sector` సున్నా కానప్పుడు, లేదా వేరే చోటికి మార్చిన సెక్టర్ల లెక్క `Reallocated_Sector_Ct` వారం వారం పెరుగుతున్నప్పుడు చాలామంది చేసేది డిస్కును తోసేసి కొత్తది పెట్టడం. అంటే మనమే చేతులారా `[UU_UUUU]` తెచ్చుకోవడం. దానికి బదులు:

```
mdadm /dev/md0 --add /dev/sdh
mdadm /dev/md0 --replace /dev/sdc --with /dev/sdh
```

ఇది పాత డిస్కును పెట్టెలో ఉంచే దాన్నుంచి కొత్తదాని మీదికి దించుతుంది. పాతది ఎక్కడైనా చదవలేకపోతే ఆ సెక్టరు వరకే మిగతా డిస్కుల్ని అడుగుతుంది. పని పూర్తయ్యేదాకా ప్యారిటీ చెక్కుచెదరదు. శుక్రవారం రాత్రి పోయిన `sdc` లాగ్ తర్వాత వెనక్కి తిప్పి చూస్తే, అంతకు మూడు వారాల ముందు నుంచే దాని పెండింగ్ సెక్టర్లు 8, 24, 112 అంటూ పెరుగుతూ వచ్చాయి. మెయిల్స్ వెళ్తూనే ఉన్నాయి, స్టూడియో వదిలి వెళ్లిపోయిన పాత ఎడిటర్ ఐడీకి.

మామూలు డెస్క్‌టాప్ డిస్కులు వాడేవాళ్లకి ఒక్క మాట. అలాంటి డిస్కు చెడ్డ సెక్టరు దగ్గర నిమిషం పైగా మొండిగా ప్రయత్నిస్తూ మౌనంగా ఉండిపోవచ్చు. లైనక్స్ ఎదురుచూసేది 30 సెకన్లు. ఆ తర్వాత కెర్నెల్ డిస్కే పోయిందనుకుని తోసేస్తుంది, ఒక్క సెక్టరు లోపం మొత్తం డిస్కు చావుగా మారుతుంది. రెయిడ్ కోసం చేసిన డిస్కులు ఏడు సెకన్లకే "నా వల్ల కాలేదు" అని చెప్పేస్తాయి, మిగతాది రెయిడ్ చూసుకుంటుంది. `smartctl -l scterc /dev/sdX` అడిగితే మీ డిస్కు ఏ రకమో తెలుస్తుంది. ఏడు సెకన్ల మాట దానికి అర్థం కాకపోతే `/sys/block/sdX/device/timeout`లో 30 తీసి 180 పెట్టండి. అది మెషిన్ ఆపి వేసిన ప్రతిసారీ మళ్లీ పెట్టాలి.

బుధవారం సాయంత్రం స్టూడియో పెట్టెలో ఉన్నదంతా వేరే డిస్కుల మీదికి దించడం మొదలుపెట్టాం. దానికే నాలుగు రోజులు పట్టింది. తర్వాత ఎనిమిదింటితో రెయిడ్ 6 కట్టాం, `sdc`, `sdf` స్థానాల్లో కొత్తవి పెట్టి. ఆ రెండూ కావాలనే వేరే దుకాణంలో, వేరే నెల తయారైనవి కొన్నాం. ప్రతి డిస్కు ముందు భాగాన సీరియల్ నంబరులో చివరి నాలుగు అంకెలు తెల్ల టేపు మీద రాసి అంటించాం, కంగారులో ఎవరూ బాగున్న డిస్కును లాగెయ్యకుండా. మెయిల్స్ ఇప్పుడు ఇద్దరికి వెళ్తాయి. మొదటి ఆదివారం స్క్రబ్ నడుస్తుంటే స్టూడియో అబ్బాయి ఫోన్ చేసి, "అన్నా, ఇవాళ కొంచెం స్లో ఉంది, ఆపెయ్యమంటావా?" అని అడిగాడు. జీలకర్ర బెల్లం వీడియో ఇంకోసారి పెట్టి చూడమన్నాను.